మంత్రానికి లెక్క ఉండాలి

కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు పొద్దుగూకినా యుద్ధం ఆగలేదు. కాగడాలు వెలిగించుకుని మరీ కొట్టుకున్నారు. చీకటిపడితే రాక్షసుల బలం పెరుగుతుంది కనుక ఘటోత్కచుడు కౌరవసేనను ఊచకోత కోస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా కర్ణుడి మీద పడ్డారు. ఇంద్రుడిచ్చిన శక్తిని ఇప్పుడు వదలకపోతే తెల్లారేసరికి మనలో ఎవరమూ మిగలమన్నారు. కర్ణుడు వదిలాడు. ఘటోత్కచుడు కూలిపోయాడు. పాండవులందరూ ఏడుస్తుంటే కృష్ణుడొక్కడు ఆనందం పట్టలేక అర్జునుణ్ణి కౌగిలించుకున్నాడు.

ఆ ఆనందం ఎందుకో కథ విన్నవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ శక్తి ఒక్కసారే పనిచేస్తుందని, ఒక్కరినే చంపి ఇంద్రుడి దగ్గరికి వెళ్లిపోతుందని ముందే తెలుసు. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడనీ తెలుసు. అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయిన క్షణంలో అర్జునుడు బతికాడని శ్రోత తానే లెక్క వేసుకుంటాడు. పైగా ఆ శక్తి కర్ణుడికి ఊరికే రాలేదు. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒంటి నుంచి కోసి ఇచ్చి దాన్ని పుచ్చుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చి, వేరే ఆయుధమేదీ చాలనప్పుడు తప్ప వాడకూడదని, వాడితే అది తన మీదే పడుతుందని ఇంద్రుడు షరతు కూడా పెట్టాడు.

మంత్రాలు, మహిమలు ఉన్న కథ రాయాలనుకునేవాళ్లు ఈ ఒక్క ఘట్టాన్ని విప్పి చూసుకుంటే చాలు. అందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి. కవచకుండలాలు ధర. అంటే శక్తి కావాలంటే పోగొట్టుకోవలసింది. ఒక్కసారే, ఒక్కరి మీదే అన్నది హద్దు. అంటే ఎంత ధర పెట్టినా ఆ శక్తి చేయలేనిది. ఇక ఎదుటివాడు ఆ హద్దును కనిపెట్టి, దాన్ని ఎలా వాడుకుంటాడన్నది ఎత్తు. ఆ రాత్రి కర్ణుడి ముందుకు అర్జునుణ్ణి రానివ్వకుండా ఘటోత్కచుణ్ణి పంపడం కృష్ణుడి ఎత్తు. ధర వల్ల పాత్ర మీద జాలి పుడుతుంది, హద్దు వల్ల ఉత్కంఠ పుడుతుంది, ఎత్తు వల్ల కథ నడుస్తుంది. కొత్తగా రాసేవాళ్లు తరచుగా ఈ మూడింటినీ కలిపేస్తారు. మంత్రం వేశాక నాయకుడికి కళ్లు తిరిగాయని రాసి, హద్దు పెట్టేశామనుకుంటారు. కళ్లు తిరగడం హద్దు కాదు. అది చిన్న ధర. కాస్త మజ్జిగ తాగితే తీరిపోయే ధర.

పాఠకుడికి ముందే తెలియాలి

అమెరికన్ నవలా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో ఈ సంగతిని సూత్రంగా చెప్పాడు. మంత్రంతో కథలోని చిక్కును విప్పే హక్కు రచయితకు ఎంత ఉంటుందంటే, ఆ మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత అర్థమైందో అంతే ఉంటుందని దాని సారాంశం. పాఠకుడికి తెలియని శక్తి చివరి పేజీలో వచ్చి నాయకుణ్ణి కాపాడితే అది మోసంలా ఉంటుంది. తెలిసిన శక్తినే ఎవరూ ఊహించని తీరులో వాడి బయటపడితే అది తెలివిలా ఉంటుంది.

ఆయన 2006లో రాసిన 'మిస్ట్‌బార్న్' నవలలో కొందరు లోహాల పొడిని మింగి, కడుపులో దాన్ని మండించి శక్తి పొందుతారు. ఒక్కో లోహానికి ఒక్కో పని. ఉక్కును మండిస్తే చుట్టూ ఉన్న లోహపు వస్తువులను నెట్టవచ్చు. అయితే నెట్టిన వస్తువు తనకంటే తేలికైతే అది ఎగిరిపోతుంది, బరువైతే తానే వెనక్కి ఎగిరిపోతాడు. నాణేన్ని కింద పడేసి నెడితే అది నేలకు ఆనుకుంటుంది, నేల కదలదు కనుక మనిషి పైకి లేస్తాడు. ఎగిరే విద్య అని రచయిత వేరే పెట్టలేదు. నెట్టడమనే ఒక్క నియమం లోంచి ఎగరడం దానంతటదే వచ్చింది. మింగిన ఉక్కు అయిపోతే గాలిలో ఉన్నవాడు కింద పడతాడనీ పాఠకుడికి తెలుసు. కాబట్టి ఎగురుతున్న ప్రతిసారీ కడుపులో ఇంకెంత ఉక్కు మిగిలిందోనని మనసు పీకుతూ ఉంటుంది.

ధర ప్రతిసారీ పెద్దదే కానక్కర్లేదు. 'పాతాళభైరవి' (1951) సినిమాలో బొమ్మ ఒకసారి చేతికొచ్చాక ఏది అడిగినా ఇస్తుంది, అడిగిన ప్రతిసారీ మళ్లీ ఏమీ పుచ్చుకోదు. అయినా కథ చప్పబడదు. ఎందుకంటే బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది. తోటరాముడి దగ్గర ఉన్నంతసేపు అతను రాజు. మాంత్రికుడి చేతికి చిక్కిన మరుక్షణం ఆ మేడ, ఆ రాజకుమారి రెండూ పోతాయి. ఇక్కడ హద్దు శక్తిలో లేదు, దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది. ఏ హద్దు పెడతామో, కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

తేలు మంత్రంతో ఒక కథ

మా చిన్నప్పుడు ఊళ్లో తేలు మంత్రం వేసే పెద్దాయన ఒకరుండేవారు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చేవారు. డబ్బులే కాదు, తమలపాకు ఇచ్చినా పుచ్చుకునేవారు కాదు. పుచ్చుకుంటే మంత్రం పనిచేయదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలోనే ఒక నియమం ఉంది. దాన్ని తీసుకుని, కథకు పనికొచ్చేలా ఒక మంత్రాన్ని మొదటి నుంచి కట్టి చూద్దాం.

ముందు మంత్రమంతా ఐదు వాక్యాల్లో రాసుకోవాలి. ఐదింటిలో పట్టకపోతే పాఠకుడి బుర్రలోనూ పట్టదు.

ఒకటి: తేలు కుట్టినవాడి నొప్పిని మంత్రం వేసిన మనిషి తన ఒంట్లోకి తీసుకోగలదు. రెండు: కుట్టిన చోట చేతి వేలికొస ఒకటి ఆనించాలి, దూరం నుంచి కుదరదు. మూడు: నొప్పి తగ్గదు, ఆ మనిషి నుంచి ఈ మనిషికి మారుతుందంతే, తెల్లారేదాకా ఉంటుంది. నాలుగు: తెల్లారాక ఆనించిన ఆ వేలికొసకు స్పర్శ పోతుంది, మళ్లీ రాదు. ఐదు: నొప్పి మారుతుంది కానీ విషం మారదు.

నాలుగో వాక్యం వల్ల ఈ మంత్రానికి ఒక అంకె వచ్చింది. వేళ్లు పది కనుక జీవితంలో పదిసార్లు. "చాలా అలసిపోతుంది" అంటే పాఠకుడు లెక్కపెట్టలేడు. "ఇంకా నాలుగు వేళ్లు మిగిలాయి" అంటే లెక్కపెడతాడు. రెండో వాక్యంలో "చేతి" అన్న చిన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. అది లేకపోతే తెలివైన పాఠకుడు కాలివేళ్లు పనికిరావా అని అడుగుతాడు, అప్పుడు పది కాస్తా ఇరవై అవుతుంది.

తర్వాత ఈ ధర ఎవరికి బాగా తగులుతుందో చూసుకోవాలి. వేలికొసల స్పర్శ పోతే బరువులు మోసే మనిషికి నష్టం కొంతే. మగ్గం నేసే మనిషికైతే బతుకే పోతుంది. పడుగులో ఒక పోగు తెగితే కంటికంటే ముందు వేలే కనిపెడుతుంది. తెగిన కొసలను వేళ్ల మధ్య నులిమి అతకాలి. అందుకని మన కథానాయిక నేతపని చేసే యాభై ఏళ్ల వీరమ్మ. కథ మొదలయ్యేసరికి రెండు చేతుల చిటికెన వేళ్లు, ఉంగరం వేళ్లు, నడిమి వేళ్లు అయిపోయాయి. పోగు అతకడానికి కావలసిన చూపుడు వేళ్లను, బొటనవేళ్లను ఆమె కావాలనే చివరికి దాచుకుంది. ఆ దాచుకోవడంలోనే ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. శక్తి గొప్పతనం పాత్రను చూపించదు, దాన్ని ఖర్చుపెట్టే తీరు చూపిస్తుంది.

ఊరు ఊరుకోదు

మంత్రం కట్టాక దాన్ని మంచివాళ్ల చేతిలో పెట్టి చూస్తే లోపాలు కనబడవు. ఊళ్లో అందరికంటే స్వార్థపరుడి చేతిలో పెట్టి చూడాలి. మన కథలో అతను వీరమ్మకు నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు. ఇలాంటి మంత్రం ఉందని తెలిస్తే అతనేం చేస్తాడు?

మొదట డబ్బిస్తానంటాడు. డబ్బు పుచ్చుకుంటే మంత్రం పనిచేయదన్న పాత నమ్మకాన్ని మనం ఉంచుకుంటే ఆ దారి మూసుకుంటుంది. అప్పుడు "నీ బాకీ కొట్టేస్తాను" అంటాడు. బాకీ కొట్టేయడం డబ్బు పుచ్చుకోవడమేనా? రచయిత ఇక్కడ తేల్చుకోవాలి. అవును అంటే, షావుకారు నొప్పితో గిలగిలలాడుతూ, తన డబ్బు ఎందుకూ కొరగాని ఒక రాత్రిని మొదటిసారి చూస్తాడు. కాదు అంటే, ఆ ఊళ్లో కొన్నాళ్లకు బాకీ ఉన్నవాళ్లందరి వేళ్లూ మొద్దుబారిపోయి ఉంటాయి. రెండూ మంచి కథలే, కానీ అవి ఒకే కథ కావు. ఏదో ఒకటి ఎంచుకుని, దానికి చివరిదాకా కట్టుబడాలి.

షావుకారు ఇంకో ప్రశ్న కూడా అడుగుతాడు. నొప్పిని తీసుకోవచ్చు సరే, ఎదుటివాడిలోకి పంపవచ్చా? పంపవచ్చంటే అది ఆయుధమైపోతుంది, ఊళ్లో తగాదాలన్నీ దానితోనే తీరతాయి. మనకు ఆ కథ వద్దు. అందుకే మొదటి వాక్యంలో "తన ఒంట్లోకి తీసుకోగలదు" అనే ఉంది. వరాల కథలన్నీ ఇలాంటి సందుల మీదే నడిచాయి. భస్మాసురుడికి వరమిచ్చినప్పుడు, తన తల మీద తాను చేయి పెట్టుకుంటే ఏమవుతుందన్న మాట ఎవరూ అనుకోలేదు. పురాణంలో ఆ సందు కావాలని ఉంచింది కనుక అది కథ అయింది. రచయిత చూసుకోక వదిలేసిన సందును పాఠకుడే పట్టుకుంటాడు.

జమాఖర్చు పుస్తకం

ఇక రాసేటప్పుడు పక్కన ఒక పుస్తకం పెట్టుకుని, ప్రతి అధ్యాయం దగ్గర మూడే సంగతులు రాసుకోవాలి. మంత్రం ఏం చేసింది, ఏం పోయింది, ఏం మిగిలింది.

మొదటి అధ్యాయంలో పక్కింటి కుర్రాణ్ణి తేలు కుట్టింది. వీరమ్మ ఎడమ చూపుడు వేలు ఆనించింది. కుర్రాడు నిద్రపోయాడు, ఆమె తెల్లార్లూ గుంజ పట్టుకుని కూర్చుంది. మిగిలినవి మూడు. ఇందులో నియమాలేవీ ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు. వేలు పెట్టడం, నొప్పి మారడం, తెల్లారడం, అన్నీ కళ్లముందే జరిగాయి.

రెండో అధ్యాయంలో మగ్గం మీద పోగు తెగింది. ఎడమ చేతికి తెలియలేదు. జానెడు బట్ట నేశాక గానీ చూసుకోలేదు. చీరలో సందు పడిందని షావుకారు కూలి కోశాడు. ఈ అధ్యాయం చాలామంది రాయరు. మంత్రం వేసిన రాత్రిని వర్ణించి, మర్నాటికి నాయకుణ్ణి మామూలుగా లేపేస్తారు. ధర నిజంగా ఉందో లేదో చూడాలంటే మంత్రం తర్వాతి అధ్యాయం తీసి చదవాలి. అందులో ఆ మంత్రం వల్ల ఏ పనీ చెడకపోతే ధర కాగితం మీదే ఉందన్నమాట.

మూడో అధ్యాయంలో వీధి చివరి తాతను అర్ధరాత్రి తేలు కుట్టింది. వీరమ్మ ఎడమ బొటనవేలు ఆనించింది. తాత నవ్వాడు, కాస్త గంజి తాగాడు, ఇంక ఆస్పత్రి ఎందుకన్నాడు. వాళ్లూ బండి విప్పేశారు. తెల్లారి చూస్తే తాత లేడు. ఐదో వాక్యం ఇక్కడ తెలిసింది. నొప్పి పోయింది కనుక ఎవరూ కంగారుపడలేదు, విషం తన పని తాను చేసుకుపోయింది. నిజజీవితంలోనూ ఎర్రతేలు విషం గుండె మీద పనిచేయగలదు, చిన్నపిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. మంత్రం పేరుతో ఆగిపోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కథలో ఈ నియమం పెట్టడానికి కారణం కూడా అదే. మిగిలినవి రెండు: కుడి చూపుడు వేలు, కుడి బొటనవేలు.

ఈ పుస్తకం ఇంకో తప్పును కూడా పట్టిస్తుంది. రాయడం అయ్యాక, కథలో ఎవరికైనా ఆపద వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ మంత్రం ఎందుకు వాడలేదు అని అడగాలి. జవాబు ఐదు వాక్యాల్లో ఎక్కడో ఉండాలి. లేకపోతే రచయిత మరిచిపోయాడన్నమాట. అలాంటిచోట ఆరో వాక్యం చేర్చాలనిపిస్తుంది. చేర్చకూడదు. చేర్చితే వెనక రాసినవన్నీ మళ్లీ చూసుకోవాలి. ఆపదనే మార్చడం మేలు.

చివరి రాత్రి

ముగింపు దగ్గర రచయితకు చేయి దురద పుడుతుంది. వీరమ్మకు పదకొండో వేలిలాంటి కొత్త మహిమ ఏదైనా ఇద్దామనిపిస్తుంది. లేదా ఆమె త్యాగానికి మెచ్చి పోయిన స్పర్శంతా తిరిగి వచ్చిందని రాద్దామనిపిస్తుంది. అలా చేస్తే పాఠకుడు అప్పటిదాకా పెట్టుకున్న లెక్కంతా నీళ్లపాలవుతుంది. చివరి రాత్రికి కావలసినదంతా ఐదు వాక్యాల్లోనే ఉంది.

వీరమ్మ మనవణ్ణి తేలు కుట్టింది. నాలుగేళ్ల పిల్లాడు. ఏడుపు ఊరంతా వినబడుతోంది. కోడలు కాళ్ల మీద పడింది.

"అత్తా, ఒక్క వేలు పెట్టవే. వాణ్ణి చూడలేకపోతున్నా."

"ఏడవనీ. ముందు బండి కట్టించు."

చుట్టూ చేరినవాళ్లు ముఖాలు చూసుకున్నారు. కుడి చేతి రెండు వేళ్లతోనే ఆమె నేస్తోందని అందరికీ తెలుసు. కూటి కోసం మనవణ్ణి ఏడిపిస్తోందని ఒకరంటే, కొడుకు తల్లి ముఖం చూడకుండానే ఎడ్లను కట్టాడు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. పాఠకుడికి మాత్రం ఆమె మనసు తెలుసు. పిల్లాడు ఏడుపు ఆపితే బండి ఆగిపోతుంది. తాత విషయంలో జరిగింది అదే.

బండిలో పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, మంత్రం చదవకుండా వాడి చేయి పట్టుకుంది. సగం దూరం వెళ్లాక పిల్లాడి ఏడుపు దానంతటదే సన్నగిల్లింది. నిద్రపడుతోంది, తగ్గినట్టుందే అంది కోడలు. కానీ వీరమ్మ కుడి చూపుడు వేలికి వాడి అరచెయ్యి తడిగా, చల్లగా తగిలింది. ఆమెకు మిగిలిన రెండు వేలికొసల్లో అది ఒకటి. "ఎడ్లను అదిలించరా" అని కొడుకు మీద అరిచింది.

ఆ వేలిని ఆమె ఏ వారం ఖర్చుపెట్టి ఉన్నా ఆ చల్లదనం తెలిసేది కాదు. కొత్త మహిమ ఏదీ రాలేదు. పోయిన ఎనిమిది వేళ్లు పోయినట్టే ఉన్నాయి. ఆస్పత్రి దీపం కనబడేసరికి పుస్తకంలో రాసుకోవలసింది ఇంతే: మంత్రం వేయలేదు, ఏమీ పోలేదు, మిగిలినవి రెండు.